ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌ని కంపెనీలు నమ్ముతాయా? అసలుదో కాదో ఎలా చూస్తారు?

చీపురుపల్లి_అమ్మాయి
బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. కోర్సెరాలో డేటా అనలిటిక్స్ కోర్సు చేసి, డబ్బు కట్టి సర్టిఫికెట్ తీసుకున్నాను. వైజాగ్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్ళు రెజ్యూమె చూసి, సర్టిఫికెట్ వెరిఫై చేశాక పిలుస్తాం అన్నారు. వీటిని నిజంగా లెక్కలోకి తీసుకుంటారా? ఎలా చెక్ చేస్తారు? సర్టిఫికెట్ మీద నా పేరు ఒక్కటే ఉంది, డిగ్రీ మీద ఇంటిపేరుతో సహా ఉంది, దానికేమైనా అంటారా? మా ఊళ్ళో ఒకాయన రెండు వేలు ఇస్తే అటెస్ట్ చేయించి ఇస్తానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

రాజాం_మెకానికల్
ఎవరూ నమ్మరు. మా బ్యాచ్‌లో ప్రతివాడికీ పదేసి ఉన్నాయి, గ్రూపులో జవాబులు పెట్టుకుని చేసినవే అన్నీ. నాకు ఇంటర్వ్యూలో వాటి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ టైములో సాలిడ్‌వర్క్స్ మీద కూర్చున్నా బాగుపడేవాడిని.

ఏడురోడ్ల_బాబు
క్యూఆర్ కోడ్ ఉందా లేదా చూసుకో చెల్లీ. ఉంటే వాళ్ళు ఫోన్‌తో స్కాన్ చేస్తారు, పేజీ వస్తుంది, అయిపోయింది. క్యూఆర్ ఉన్నదాన్ని ఎవడూ కాదనలేడు.

బొబ్బిలి_టు_వైజాగ్
బాబుగారూ, సగమే కరెక్టు. నేను వైజాగ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఫ్రెషర్ల రెజ్యూమెలు చూస్తాను. క్యూఆర్ అంటే ఒక అడ్రసు, అంతకుమించి ఏమీ లేదు. ఆ అడ్రసు ఎవరిదో అన్నదే అసలు సంగతి. నా సొంత సైటులో నా పేరుతో ఒక పేజీ పెట్టుకుని, దానికి క్యూఆర్ చేసి సర్టిఫికెట్ మీద అతికిస్తే స్కాన్ చేసినవాళ్ళకి పచ్చ టిక్కు, "వెరిఫైడ్" అన్న మాట అన్నీ కనపడతాయి. అందుకే మేం స్కాన్ చేసి ఊరుకోం. సర్టిఫికెట్ మీద ఉన్న ఐడీ చూసి, అడ్రసు మేమే టైపు చేస్తాం. కోర్సెరాది అయితే `coursera.org/verify/` తర్వాత ఆ ఐడీ.

ఏడురోడ్ల_బాబు
అంత పని ఎవడు చేస్తాడండీ. స్కాన్ చేసినప్పుడు పైన coursera అని కనపడితే చాలదా?

బొబ్బిలి_టు_వైజాగ్
చాలదు. `coursera.org.example.com/verify` అని ఉంటే మీరు మొదటి మాట చూసి సరే అనుకుంటారు. సైటు ఎవరిదో తెలియాలంటే మొదటి గీతకి సరిగ్గా ముందున్న ముక్క చూడాలి. ఇక్కడ అది example.com, కోర్సెరా కాదు. ఫోన్‌లో అడ్రసు సగమే కనపడుతుంది కాబట్టి మోసం చేసేవాడికి అదే సుఖం.

ఏడురోడ్ల_బాబు
అంటే మేమందరం దొంగలమనా? కష్టపడి చదివినోళ్ళని కూడా ఇలాగే చూస్తారన్నమాట.

బొబ్బిలి_టు_వైజాగ్
నేనేటన్నాను, మీరేటంటున్నారు బాబూ. అసలు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి ఇందులో నష్టం లేదు కదా, ఒక నిమిషంలో తేలిపోతుంది.

టెక్కలి_సీనియర్_హెచ్ఆర్
ఇరవై ఏళ్ళుగా హెచ్ఆర్‌లో ఉన్నాను, హైదరాబాద్, బెంగళూరు రెండూ చూశాను. మీరు చెప్పేదంతా చిన్న ఆఫీసుల గొడవ. పెద్ద కంపెనీల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీకి ఇచ్చేస్తారు, వాళ్ళు రెజ్యూమెలో ఉన్న ప్రతి కాగితాన్నీ తవ్వితీస్తారు. కుర్రాళ్ళకి ఇది తెలియక ఏవేవో పెట్టేస్తుంటారు.

బొబ్బిలి_టు_వైజాగ్
మాస్టారూ, ప్రతి కాగితం అనకండి. ఏజెన్సీకి కంపెనీ ఏవి చూడమని చెప్పి డబ్బు కడుతుందో అవే చూస్తుంది. డిగ్రీకి యూనివర్సిటీని అడుగుతారు, పాత ఉద్యోగం, చిరునామా, కొన్నిచోట్ల పోలీసు రికార్డు. నెల రోజుల ఆన్‌లైన్ కోర్సుని చాలామంది ఆ జాబితాలోనే పెట్టరు. కానీ దాన్ని మీరు అప్లికేషన్ ఫారంలో "అర్హత" గడిలో రాస్తే మాత్రం అది మీరు సంతకం పెట్టి చెప్పిన మాట అవుతుంది, తప్పని తేలితే ఆఫర్ వెనక్కి పోవచ్చు, చేరాక తేలినా ఇబ్బందే.

టెక్కలి_సీనియర్_హెచ్ఆర్
నా అనుభవం మీ వయసంత ఉంటుంది. మా దగ్గర అన్నీ చూసేవాళ్ళం.

రాజాం_మెకానికల్
ఇదిగో మొదలైంది.

సచివాలయం_కుర్రోడు
ఇవి గ్రూప్-2కి వెయిటేజీ వస్తాయా? మా ఫ్రెండు వస్తాయన్నాడు.

పాలకొండ_ప్యూన్
ఫ్రెండుని నోటిఫికేషన్ చదవమను.

గజపతినగరం_లెక్చరర్
అమ్మాయీ, అన్ని సర్టిఫికెట్లూ ఒకటి కాదు. మా పిల్లలకి నేను ఎన్‌పీటెల్ చేయమని చెబుతాను, ఎందుకంటే వీడియోలు ఆన్‌లైన్‌లో చూసినా పరీక్ష మాత్రం సెంటరుకి వెళ్ళి, హాల్ టికెట్టు, గుర్తింపు కార్డు చూపించి రాయాలి. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లవి, 75 పరీక్షవి. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రెండూ రావాలి, ఒకటి తగ్గినా సర్టిఫికెట్ లేదు. గ్రూపులో జవాబులు పెట్టుకుంటే ఆ 25 వరకే పనికొస్తుంది. సర్టిఫికెట్ మీద ఫోటో, మార్కులు ఉంటాయి. అందుకే ఇంటర్వ్యూలో ఎన్‌పీటెల్ అనగానే మార్కులెన్ని అని అడుగుతారు. దానికీ, వీడియోలన్నీ నడిపి టిక్కులు పెడితే వచ్చేదానికీ పోలికేంటి?

ఏడురోడ్ల_బాబు
యుడెమీని అంటున్నారా? నేను యుడెమీలోనే పైథాన్ నేర్చుకున్నాను, దాంతోనే ఉద్యోగం వచ్చింది. మా బావమరిదికి ఎన్‌పీటెల్ ఎలీట్ ఉంది, ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

గజపతినగరం_లెక్చరర్
నేర్చుకోలేరని నేనన్నానా? యుడెమీ కాగితం మీరు కోర్సు పూర్తి చేశారనే చెబుతుంది, కూర్చుని రాశారని చెప్పదు. మీకు ఉద్యోగం ఇచ్చింది మీ పైథాన్, ఆ కాగితం కాదు. బావమరిది గొడవ నాకెందుకు.

గరివిడి_గుంపులో_ఒకడు
మాకు మా ఊరి దగ్గర ఒక సెంటర్ "ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్" అమ్మింది. వెరిఫై లింకు కూడా ఇచ్చారు. ఆర్నెల్ల తర్వాత ఆ సైటే లేదు, బోర్డు పీకేశారు. ఇప్పుడు ఆ లింకు రెజ్యూమెలో పెడితే ఖాళీ పేజీ. నేను నిజంగానే నేర్చుకున్నాను, ఎవరికి చెప్పుకోను?

బొబ్బిలి_టు_వైజాగ్
మీ పరిస్థితి బాధాకరమే. సర్టిఫికెట్ ఇచ్చినవాడి సైటు ఉన్నంతకాలమే ఆ లింకు బతుకుతుంది. మీ దగ్గర కోడ్, చేసిన ప్రాజెక్టు ఉంటే అవి గిట్‌హబ్‌లో పెట్టి ఆ లింకు రాయండి. ఖాళీ పేజీకి పోయే లింకు మాత్రం తీసేయండి, చూసేవాళ్ళకి అనుమానం మొదట అక్కడే వస్తుంది.

ఇక చీపురుపల్లి చెల్లాయికి, మీ దాకా ఇంకా ఎవరూ రాలేదు కదా. మొన్నామధ్య మాకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ఒకబ్బాయి పీడీఎఫ్ పంపాడు, చూడ్డానికి నిఖార్సుగా ఉంది. ఐడీ టైపు చేస్తే కోర్సెరా పేజీ వచ్చింది, కోర్సు అదే, తేదీ అదే, పేరు మాత్రం వేరే ఎవరిదో. ఇంకొకరి సర్టిఫికెట్ మీద పేరు మార్చి అతికించాడు. పీడీఎఫ్‌లో అక్షరాలు మార్చగలరు గానీ వాళ్ళ సర్వర్లో ఉన్న పేజీని మార్చలేరు. అందుకే మేం చూసేది నాలుగే. ఆ పేజీలో పేరు, కోర్సు పేరు, తేదీ, వాళ్ళు చెప్పిన అంచనా గంటలు. మూడు పెద్ద కోర్సులు ఒకే వారంలో అయిపోయి ఉంటే అది దొంగదని అనం, మన వేగాన్ని బట్టి చేసుకునే కోర్సులు అవి, కాకపోతే ఇంటర్వ్యూలో అక్కడే పట్టుకుంటాం. "మీ ప్రాజెక్టులో ఖాళీగా ఉన్న విలువల్ని ఏం చేశారు? ఎందుకు?" అని ఒక్కటి అడిగితే చేసినవాళ్ళు తడుముకోరు.

లింక్డ్‌ఇన్‌లో పెట్టినదాన్ని మేం రుజువుగా తీసుకోం. అక్కడ కోర్సు పేరు, ఐడీ ఎవరైనా టైపు చేసుకోవచ్చు, మేం దాంట్లోని లింకు తెరిచి చూడాల్సిందే.

చీపురుపల్లి_అమ్మాయి
థాంక్స్ అక్కా. పేరు సంగతి?

టెక్కలి_సీనియర్_హెచ్ఆర్
పేరు తేడా ఉంటే రిజెక్టే. రూల్ అది.

బొబ్బిలి_టు_వైజాగ్
మన వైపు అలా రిజెక్ట్ చేస్తే ఆఫీసులు ఖాళీ అయిపోతాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పదో తరగతిలో ఒక్క అక్షరం, ఇది మనకి కొత్తా? ఇంటిపేరు లేకపోవడం వేరు, పేరే వేరు కావడం వేరు. మీరు అకౌంట్ సెట్టింగుల్లో పేరు మార్పు కోసం అడగండి, గుర్తింపు కార్డు చూపించమంటే డిగ్రీ మీద ఎలా ఉందో అలా ఉన్న కార్డే పంపండి. పేరు సరయ్యాక సర్టిఫికెట్ మళ్ళీ డౌన్‌లోడ్ చేసి, వెరిఫై పేజీలో కొత్త పేరు వచ్చిందో లేదో మీరే ముందు చూసుకోండి. ఈలోగా కంపెనీకి ఒక మెయిల్ రాయండి, ఇంటిపేరు సర్టిఫికెట్ మీద లేదు, మార్పుకి అడిగాను అని. ముందే చెప్పినవాళ్ళని ఎవరూ అనుమానించరు.

గజపతినగరం_లెక్చరర్
ఎన్‌పీటెల్‌కి అయితే ఆ వెసులుబాటు ఉందనుకోకండి. రిజిస్ట్రేషన్ ఫారంలో ఏ పేరు పెడితే సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. అందుకే మా పిల్లల చేత ముందే పదో తరగతి మెమో తీయించి చూసి నింపిస్తాను.

రాజాం_మెకానికల్
అటెస్టేషన్ రెండు వేలాయన సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలకొండ_ప్యూన్
స్టాంపు వేసేవాడు కాగితం నకలుకే వేస్తాడు, కోర్సు చేశావో లేదో ఆయనకెలా తెలుస్తుంది. ఆ రెండు వేలుంటే బస్సులో వైజాగ్ ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చో.

టెక్కలి_సీనియర్_హెచ్ఆర్
మా రోజుల్లో గెజిటెడ్ సంతకం లేకుండా ఏ కాగితమూ తీసుకునేవారు కాదు.

ఏడురోడ్ల_బాబు
మీ రోజులు ఆపండి మాస్టారూ. బొబ్బిలి అక్కా, ఇప్పుడే నా యుడెమీది చూశాను, లింకు `ude.my/` తో మొదలైంది. చూడగానే దొంగదనుకుని గుండె జారింది. అది వాళ్ళదేనా?

బొబ్బిలి_టు_వైజాగ్
వాళ్ళదే, యుడెమీ పొట్టి అడ్రసు. తెరిస్తే udemy.com పేజీలోకి వెళ్ళాలి, మీ పేరు, కోర్సు అక్కడ ఉండాలి.

ఏడురోడ్ల_బాబు
వెళ్ళింది. పేరు మాత్రం నేను అకౌంట్‌లో సరదాగా పెట్టుకున్నదే ఉంది, "బాబు కింగ్" అని. మార్చొచ్చా?

సచివాలయం_కుర్రోడు
గ్రూప్-2 సంగతి ఎవరైనా చెప్పండి సార్.