వేడి ఫీడ్ నీటితో పంపులో శబ్దం: కండెన్సేట్ ఆపాలా, ట్యాంకు ఎత్తాలా?

రాజాం, ధాన్యం మిల్లు: డ్రయ్యర్ కండెన్సేట్‌ను ఫీడ్ ట్యాంకులోకి మళ్లించాక నీరు 92 డిగ్రీలకు చేరుతోంది. పంపులో గులకరాళ్లు తిరుగుతున్నట్టు శబ్దం వస్తోంది, ప్రెషర్ ముల్లు ఊగుతోంది, బాయిలర్లో నీటిమట్టం నిలవడం లేదు. కండెన్సేట్ ఆపేయమంటారా?

బొబ్బిలి: ఆపేయండి. పంపు లోపలే నీరు ఆవిరవుతోంది. మేము ఏళ్లుగా 60 డిగ్రీలు దాటనివ్వడం లేదు, మా పంపు చప్పుడు చేయదు.

పలాస, జీడి పరిశ్రమ: మా బాయిలర్లోనూ మట్టం ఇలాగే ఎగిరిపడేది. బోరు నీటి లవణాలు పేరుకుని నురగ కట్టడమే కారణమని తేలింది. షిఫ్టుకొకసారి బ్లోడౌన్ చేయడం మొదలుపెట్టాక కుదుటపడింది. మీరు సరిగ్గా చేస్తున్నారా?

నెల్లిమర్ల, బాయిలర్ ఫిట్టర్: పలాస వారూ, నురగ వల్ల గేజ్ గ్లాసులో మట్టం ఎగురుతుంది గాని పంపులో రాళ్ల శబ్దం రాదు. బొబ్బిలి వారు కారణం సరిగ్గానే చెప్పారు, మందు మాత్రం ఖరీదైనది. 60 డిగ్రీల నీటిలో సుమారు 4.7 పి.పి.ఎం. ఆక్సిజన్ ఉంటుంది, 90 దగ్గర అది 1.6కు పడిపోతుంది, చల్లబరిస్తే ట్యూబుల్లో గుంటలు పడకుండా సల్ఫైట్ దాదాపు మూడింతలు వేయాలి. పైగా ఫీడ్ నీటి టి.డి.ఎస్. 300, బాయిలర్ పరిమితి 3000 అనుకుంటే బ్లోడౌన్ 11 శాతం వరకు పోతుంది. సగం నీరు కండెన్సేటే అయితే 5 శాతం చాలు. రాజాం వారూ, ట్యాంకులో నీటిమట్టం పంపుకు ఎంత ఎత్తున ఉంది? పంపు ఛార్టులో సక్షన్ హెడ్ ఎంత అడిగారు?

రాజాం: ఎత్తు మీటరున్నర. ఛార్టులో 4 మీటర్లు అని ఉంది.

నెల్లిమర్ల: 92 డిగ్రీల దగ్గర నీరు ఆవిరి కాకుండా వాతావరణ పీడనం ఇచ్చే ఆసరా 2.7 మీటర్లే. దానికి మీ ఎత్తు మీటరున్నర కలిపి, పైపులో పోయే అర మీటరు తీసేస్తే 3.7 మిగులుతుంది, పంపు అడిగేది 4. అందుకే ఇంపెల్లర్ కంటి దగ్గర బుడగలు పుట్టి, పీడనం పెరిగే చోట పగిలి లోహాన్ని కొరుకుతున్నాయి. 85 డిగ్రీలకైతే అదే లెక్క 5.6 వస్తుంది. ట్యాంకును ఇంకో మీటరున్నర ఎత్తితే 92 దగ్గరే 5.2 దొరుకుతుంది. డెలివరీ వాల్వు కొంచెం మూసి చూడండి, శబ్దం తగ్గితే జబ్బు ఇదే. సక్షన్ వాల్వును మాత్రం ఎప్పుడూ సగం మూయకండి.

బొబ్బిలి: స్టాండు కట్టే ముందు స్ట్రెయినర్ విప్పి చూశారా? మూసుకుపోతే ఆ అర మీటరు లెక్క నిలవదు.

రాజాం: డెలివరీ వాల్వు మూయగానే శబ్దం తగ్గింది. స్ట్రెయినర్ విప్పితే తుప్పు పెచ్చులు గుప్పెడు వచ్చాయి. శుభ్రం చేశాక 88 డిగ్రీల వరకు పంపు నిశ్శబ్దంగా ఉంది, 90 దాటగానే మళ్లీ మొదలైంది.

బొబ్బిలి: అయితే చల్లటి నీరు కలిపి 85 దగ్గర ఉంచండి, స్టాండు ఖర్చు ఎందుకు?

నెల్లిమర్ల: అలా ఉంచితే పంపు బతుకుతుంది, కాదనను. కాని ఆ తగ్గించిన 7 డిగ్రీలను బాయిలర్ రోజూ ఊక కాల్చి తిరిగి ఇవ్వాలి. నేనైతే ట్యాంకునే ఎత్తుతాను.