అమ్మ యూరిన్ రిపోర్టులో ఇన్ని ప్లస్‌లు ఉన్నాయి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా?

శ్రావణి: అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్లు, షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. మామూలు చెకప్‌లో భాగంగా నిన్న యూరిన్ టెస్ట్ చేయించారు. నాన్న ఫొటో తీసి పంపిన రిపోర్టు ఇదీ: ప్రొటీన్ 1+, బ్లడ్ 1+, గ్లూకోజ్ 3+, నైట్రైట్ నెగటివ్, ల్యూకోసైట్ ఎస్టరేజ్ 2+. స్పెసిఫిక్ గ్రావిటీ 1.030. కింద మైక్రోస్కోపు దగ్గర పస్ సెల్స్ 10-12, ఆర్‌బీసీ 0-1, ఎపిథీలియల్ సెల్స్ 10-15 అని ఉంది. అమ్మకి జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు. మెడికల్ షాపాయన రిపోర్టు చూసి యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకి యాంటీబయాటిక్ ఇచ్చాడట. ఇంకా వేసుకోలేదు. వేసుకోమని చెప్పాలా? గ్లూకోజ్ 3+ చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

శేఖర్: అమ్మా, రక్తంలో షుగర్ 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. 3+ అంటే 300 పైనే ఉండి ఉంటుంది. యాంటీబయాటిక్ సంగతి తర్వాత, ముందు షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ పెట్టాల్సి రావచ్చు.

శ్రావణి: అదే అర్థం కావట్లేదు శేఖర్ గారూ. అదే రోజు పరగడుపున 128, తిన్నాక 170 వచ్చింది.

పద్మావతి: శ్రావణీ, నేను ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. రెండు విషయాలు చెప్పమ్మా. అమ్మ వాడే మాత్రల్లో చివర ‘ఫ్లోజిన్’ అని వచ్చే పేరు ఏదైనా ఉందా? శాంపిల్ ఎక్కడ పట్టారు, ఎందులో పట్టారు, ఎన్నింటికి ల్యాబ్‌కి చేరింది?

శ్రావణి: మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ 10. రెండోది ఈ మధ్యే మొదలుపెట్టారు. శాంపిల్ పొద్దున ఆరింటికి ఇంట్లోనే, కడిగిన పాత టానిక్ సీసాలో పట్టిందట. నాన్న పదిన్నరకి తీసుకెళ్లి ఇచ్చారు.

పద్మావతి: అయితే గ్లూకోజ్ గురించి భయం వదిలెయ్యి. శేఖర్ గారు చెప్పిన 180 లెక్క తప్పు కాదు, కానీ ఆ మాత్ర వాడని వాళ్లకి. కిడ్నీ మామూలుగా వడపోతలోకి వచ్చిన షుగర్‌ని వెనక్కి లాక్కుంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఆ లాక్కునే పనిని ఆపి, షుగర్‌ని మూత్రంలోకి వదిలేస్తాయి. కాబట్టి రక్తంలో 128 ఉన్నా, మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్ మీద 3+ కనిపిస్తుంది. మాత్ర పనిచేస్తోందని అర్థం అంతే. ఈ మాత్ర వాడినంత కాలం యూరిన్ గ్లూకోజ్ చూసి షుగర్ కంట్రోల్‌లో ఉందో లేదో చెప్పలేం. వేలి రక్తం, హెచ్‌బీఏ1సీ మాత్రమే చూడాలి.

శేఖర్: ఈ సంగతి నాకు తెలియదండీ. మూత్రంలో అంత షుగర్ పోతోందంటే ఆ మాత్ర ఆపేయడం మంచిది కదా?

పద్మావతి: వద్దండీ. కిడ్నీకీ గుండెకీ మేలు చేస్తుందని కూడా ఆ మాత్ర రాస్తారు. ఆపాలా వద్దా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: వాంతులై ఏమీ తినలేని పరిస్థితి వస్తే ఆ మాత్ర కొనసాగించకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. అప్పుడు రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పెరిగిపోవచ్చు.

కిరణ్: నేను ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. నైట్రైట్ నెగటివ్ ఉంది కదా, అంటే బ్యాక్టీరియా లేదు. ఇన్ఫెక్షన్ లేదు, యాంటీబయాటిక్ అక్కర్లేదు. క్లియర్ కేసు.

పద్మావతి: యాంటీబయాటిక్ తొందర లేదన్నది సరే బాబూ, కారణం మాత్రం అది కాదు. నైట్రైట్ పాజిటివ్ వస్తే బ్యాక్టీరియా ఉందని చాలావరకు నమ్మొచ్చు, నెగటివ్ వస్తే లేదని నమ్మలేం. మూత్రంలో ఉండే నైట్రేట్‌ని ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి నైట్రైట్‌గా మారుస్తాయి. ఎంటరోకాకస్ లాంటివి మార్చవు. మార్చేవాటికైనా మూత్రం బ్లాడర్‌లో నాలుగు గంటలు నిలవాలి. ఈ మాత్ర వేసుకునేవాళ్లు రాత్రుళ్లు కూడా మాటిమాటికీ లేస్తుంటారు, అంతసేపు నిలవదు. మంట, జ్వరం ఉన్న మనిషికి నైట్రైట్ నెగటివ్ వచ్చిందని ధైర్యం చెప్పకూడదు.

కిరణ్: ఓకే మేడమ్. మరి ల్యూకోసైట్ ఎస్టరేజ్ 2+, పస్ సెల్స్ 10-12 ఉన్నాయి కదా. అది ఇన్ఫెక్షన్ కాకపోతే ఏంటి?

పద్మావతి: ల్యూకోసైట్ ఎస్టరేజ్ అనేది తెల్లకణాల ఎంజైమ్. ఆ కణాలు బ్లాడర్‌లోంచి వచ్చాయా, బయట చర్మం దగ్గర నుంచి కలిశాయా అన్నది స్ట్రిప్‌కి తెలియదు. నేను స్ట్రిప్ మీద ఆ పరీక్ష గడి చూడగానే కన్ను ఎపిథీలియల్ సెల్స్ వైపు వెళ్తుంది. ఇక్కడ 10-15 ఉన్నాయి. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి మధ్యలో పట్టిన శాంపిల్‌లో అన్ని ఉండవు. అంటే యోని దగ్గరి స్రావం ఇందులో కలిసింది. శ్రావణీ, అమ్మని మెల్లిగా అడుగు, అక్కడ దురద గానీ తెల్లబట్ట గానీ ఉందా అని. మూత్రంలో షుగర్ ఎక్కువ పోయే ఈ మాత్రలతో ఫంగస్ రావడం మామూలే. మీ నాన్నకి చెప్పుకోలేక ఊరుకుని ఉండొచ్చు.

శ్రావణి: అడిగాను మేడమ్. రెండు వారాలుగా దురద ఉందట. ‘ఇదేం జబ్బని చెప్పను’ అంది. మనసుకి చాలా బాధనిపించింది.

పద్మావతి: అదే అసలు సంగతి అయి ఉండొచ్చమ్మా. అది నిజంగా ఫంగస్ అయితే మెడికల్ షాపాయన ఇచ్చిన యాంటీబయాటిక్ దానికి పనిచేయకపోగా దురద పెంచొచ్చు. లేడీ డాక్టర్‌కి చూపించు. యాంటీబయాటిక్ పక్కన పెట్టి, మళ్లీ శాంపిల్ ఇప్పించు. ఈసారి ల్యాబ్‌కే వెళ్లి, వాళ్లిచ్చిన డబ్బాలో, నీళ్లతో కడుక్కుని మధ్య ధార పట్టమను. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి మొదలైతే మాత్రం ఈ లెక్కలేవీ పెట్టుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

నాగమణి: మా అమ్మాయికి ఐదో నెల. దానికీ నైట్రైట్ పాజిటివ్ వచ్చింది, మంట ఏమీ లేదు. అయితే మేము కూడా మందు వాడక్కర్లేదన్నమాట. మంచి మాట చెప్పారు.

పద్మావతి: అయ్యో, కాదు నాగమణి గారూ. గర్భిణుల విషయం పూర్తిగా వేరు. వాళ్లకి లక్షణాలు లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే కల్చర్ చేసి మందు ఇస్తారు, వదిలేస్తే కిడ్నీ దాకా పాకొచ్చు. రేపే డాక్టర్‌కి రిపోర్టు చూపించండి.

నాగమణి: అలాగేనమ్మా, పొద్దున్నే తీసుకెళ్తాను.

సుబ్బారావు: ప్రొటీన్‌కి, క్రియాటినిన్‌కి బార్లీ నీళ్లు బాగా పనిచేస్తాయి. నాకు కిందటేడు ప్రొటీన్ 1+ వచ్చింది. టెస్టుకి ముందు రెండు చెంబులు తాగి వెళ్లాను, నెగటివ్ వచ్చింది.

పద్మావతి: సుబ్బారావు గారూ, ప్రొటీన్ తగ్గి ఉండకపోవచ్చు, మూత్రం పలచబడి ఉంటుంది. స్ట్రిప్ చూసేది చిక్కదనాన్ని. పలచని పాలలో వెన్న కనపడనట్టే. అందుకే శ్రావణి వాళ్ల అమ్మ 1+ గురించి కూడా ఇప్పుడే ఏమీ అనలేను. గ్రావిటీ 1.030 అంటే బాగా చిక్కటి మూత్రం. అందులో 1+ అంటే డెసిలీటరుకి సుమారు 30 మిల్లీగ్రాములు. అదే మనిషి నీళ్లు తాగి వస్తే ట్రేస్ కూడా రాకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో చేయిస్తే ఈ గొడవ ఉండదు, అల్బుమిన్ అనే ప్రొటీన్‌ని దానితో పాటే పలచబడే క్రియాటినిన్‌తో భాగిస్తారు కాబట్టి. మీరూ అది చేయించుకోండి, బార్లీ నీళ్లు తాగకుండా.

కిరణ్: బ్లడ్ 1+ ఉండి ఆర్‌బీసీ 0-1 ఎలా మేడమ్?

పద్మావతి: ఆ గడి ఎర్రకణాలని చూడదు, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ చేసే రసాయన చర్యని చూస్తుంది. కణాలు పగిలిపోయినా, హిమోగ్లోబిన్ విడిగా ఉన్నా, కండరం దెబ్బతిని మయోగ్లోబిన్ వచ్చినా పచ్చబడుతుంది. పసుపు గడి మీద అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలు వస్తే కణాలు పగలకుండా ఉన్నాయని, గడంతా ఒకే పచ్చగా మారితే హిమోగ్లోబిన్ విడిగా ఉందని మేం అనుకునేవాళ్లం. బాగా ఎక్కువ కణాలున్నా గడంతా పచ్చబడుతుందనుకో. ఇక్కడ శాంపిల్ నాలుగున్నర గంటలు బయట ఉంది, కణాలు కరిగిపోయి ఉండొచ్చు. సీసా బ్లీచింగ్ నీళ్లతో కడిగినా దొంగ పాజిటివ్ వస్తుంది. టైమ్ తప్పినా అంతే. గ్లూకోజ్ గడి అర నిమిషానికి, ప్రొటీన్, బ్లడ్, నైట్రైట్ నిమిషానికి, ల్యూకోసైట్ గడి రెండు నిమిషాలకి చూడాలి. ముంచి తీశాక అంచుని టిష్యూ మీద ఆనించి చెమ్మ తీయకపోతే పక్క గళ్లు ఒకదాంట్లోకి ఒకటి కారతాయి. రద్దీగా ఉన్న ల్యాబ్‌లో ఇవన్నీ ఎంత పాటిస్తారో చెప్పలేను.

శ్రావణి: ఇంకోటి, అమ్మ సి విటమిన్ మాత్రలు చప్పరిస్తూ ఉంటుంది. దానివల్ల ఏమైనా?

పద్మావతి: అది ఉల్టా పనిచేస్తుంది. బ్లడ్, గ్లూకోజ్, నైట్రైట్ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మళ్లీ టెస్టుకి ముందు రెండు రోజులు ఆపమను.

శ్రావణి: వారం తర్వాత వచ్చి రాస్తున్నాను. లేడీ డాక్టర్ చూసి ఫంగస్ అని చెప్పి మందు ఇచ్చారు, దురద తగ్గింది. డాపాగ్లిఫ్లోజిన్ కొనసాగించమన్నారు. కొత్త శాంపిల్‌లో ల్యూకోసైట్ నెగటివ్, ఎపిథీలియల్ 1-2, బ్లడ్ నెగటివ్, గ్లూకోజ్ మళ్లీ 3+. ప్రొటీన్ కూడా నెగటివ్. కానీ రేషియో 110 వచ్చింది, 30 లోపు ఉండాలట. స్ట్రిప్ నెగటివ్ అయితే ఇది ఎలా వచ్చింది?

పద్మావతి: ఆ రిపోర్టులో క్రియాటినిన్ ఎంతుంది?

శ్రావణి: డెసిలీటరుకి 60 మిల్లీగ్రాములు. అల్బుమిన్ లీటరుకి 66.

పద్మావతి: చూడు, లీటరుకి 66 అంటే డెసిలీటరుకి 6.6 మాత్రమే. స్ట్రిప్ ట్రేస్ చూపించాలన్నా సుమారు 15 ఉండాలి. ఈసారి మూత్రం పలచగా ఉంది కాబట్టి తప్పించుకుంది. అదే రేషియోతో మొదటి రోజులా మూత్రం చిక్కగా ఉండి క్రియాటినిన్ 220 దాకా ఉండుంటే అల్బుమిన్ 24 అయ్యేది, 1+ దగ్గరికి వచ్చేది. అంటే మొదటి 1+ ఉత్తది కాకపోవచ్చు. అయినా ఒక్క రేషియోతో కిడ్నీ దెబ్బతిందని అనరు. జ్వరం, బాగా పెరిగిన బీపీ, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు తాత్కాలికంగా పెరుగుతుంది. పొద్దున మొదటి మూత్రంతో మళ్లీ చేసి, మూడు నుంచి ఆరు నెలల్లో మూడింట రెండు ఎక్కువ వస్తే అప్పుడు ఖాయం చేస్తారు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించు.

శేఖర్: ఒకసారి బ్లడ్ పాజిటివ్ వచ్చింది కదా, స్కానింగ్ కూడా చేయించేస్తే మంచిది. మా బావగారికి అలాగే రాయి బయటపడింది.

పద్మావతి: మైక్రోస్కోపులో మూడు, అంతకుమించి ఆర్‌బీసీ ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఇక్కడ రెండుసార్లూ లేవు. నేనైతే రేషియోతో పాటు ఇంకోసారి రొటీన్ చూసి ఆగుతాను.

శేఖర్: ఆగడం నాకెందుకో నచ్చదండీ. స్కానింగ్‌కి పోయేదేముంది?

శ్రావణి: డాక్టర్ గారు ఆ మాట ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే నెల రేషియో మళ్లీ చేయించినప్పుడు అడుగుతాను. పొద్దున మొదటి మూత్రం అంటే మళ్లీ ఇంట్లోనే పట్టాలి కదా మేడమ్, ల్యాబ్ ఎనిమిదింటికి గానీ తెరవరు.

పద్మావతి: ముందు రోజే ల్యాబ్ డబ్బా తెప్పించి ఉంచు. పట్టగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, ఎనిమిదింటికే అందేలా నాన్నకి చెప్పు.