జెట్‌ను రెండుసార్లు నెర్ఫ్ చేయడం న్యాయమేనా?

పాలకొల్లు_జెట్ (ప్రశ్న): నేను 2020 నుంచి వాలరంట్ అనే తుపాకుల ఆన్‌లైన్ ఆటలో జెట్ అనే పాత్రతోనే ఆడుతున్నాను. ఒక్కసారిగా దూకి తప్పించుకునే ఆమె డ్యాష్‌ను 2022లో మార్చారు, 2023లో మళ్లీ నెర్ఫ్ చేసి బలం తగ్గించారు. మా ర్యాంకులో జెట్ విన్ రేట్ 50 శాతానికి అటూ ఇటూగానే కనిపించేది. సగం ఆటలు ఓడిపోయే పాత్రను బలహీనపరచవలసిన అవసరం ఏమొచ్చింది? ఇక నేను జెట్‌ను వదిలేయాలా?

కాలవగట్టు, భీమవరం: ఆ 50 శాతం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోందండి. ఒకే ఏజెంట్‌ను, అంటే ఒకే పాత్రను, రెండు జట్లూ తీసుకున్న ఆటలో ఒక జెట్ గెలుస్తుంది, ఒక జెట్ ఓడుతుంది. ఆ ఏజెంట్ ఎంత బలమైనదైనా ఆ ఆట లెక్కలో సగానికి సగమే పడుతుంది. ఉదాహరణకు 100 ఆటలు అనుకుందాం. 60 ఆటల్లో రెండు వైపులా జెట్ ఉంది, మిగిలిన 40 ఆటల్లో ఒక వైపే ఉంది, ఆ 40లో జెట్ ఉన్న జట్టు 26 గెలిచింది. అంటే జెట్ లేని జట్టు మీద ఆమె గెలుపు 65 శాతం. ఇప్పుడు అన్నీ కలిపితే జెట్ 160 సార్లు ఆడింది, 86 సార్లు గెలిచింది. తెర మీద కనిపించేది దాదాపు 54 శాతమే. జెట్‌ను తీసుకునేవారు ఇంకా పెరిగిన కొద్దీ ఆ అంకె 50 వైపు జారుతుంది. కాబట్టి ఒక పాత్ర బలాన్ని తూచేటప్పుడు ఎంతమంది తీసుకుంటున్నారన్నది కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

దీనికి వ్యతిరేకమైన వింత కూడా ఒకటి ఉంది. నెర్ఫ్ తర్వాత కొన్నిసార్లు విన్ రేట్ పెరుగుతుంది. ఊరికే సరదాకు తీసుకునేవారు వెళ్లిపోయి, ఏళ్ల తరబడి చేయి తిరిగినవారే మిగలడం వల్ల అలా జరుగుతుంది. దాన్ని చూసి ప్యాచ్ పని చేయలేదనుకోవడం పొరపాటు.

తణుకు_నెట్‌సెంటర్: లెక్క బాగానే ఉంది గాని, అసలు కారణం డబ్బేనని నా నమ్మకం. పాత పాత్రను పడగొడితే జనం కొత్త పాత్ర కొంటారు. నేను ఫ్రీ ఫైర్‌లో ఇష్టపడి కొనుక్కున్న పాత్రకు తర్వాత ఇదే గతి పట్టింది.

కాలవగట్టు, భీమవరం: మీ అనుభవాన్ని నేను కాదనను. పాత్రలనే అమ్మే ఆటలో ఆ అనుమానానికి చోటు ఉంది. అయితే వాలరంట్‌లో జనం ప్రధానంగా డబ్బు పెట్టేది తుపాకుల, కత్తుల స్కిన్‌ల మీద. అవి ఏ ఏజెంట్ చేతిలోనైనా అలాగే ఉంటాయి. కొత్త ఏజెంట్‌ను డబ్బు పెట్టకుండా ఆడి కూడా తెచ్చుకోవచ్చు. జెట్‌ను తగ్గించినంత మాత్రాన అక్కడ అమ్మకాలు పెరుగుతాయని చెప్పడం కష్టం.

రాజోలు_లంక: నాదీ జెట్ సమస్యే. చదువు కోసం రెండేళ్లకు పైగా ఆట మానేసి ఈ వేసవిలో మళ్లీ మొదలుపెట్టాను. శత్రువు కనబడగానే డ్యాష్ కోసం E నొక్కుతున్నాను, పాత్ర కదలడం లేదు, చచ్చిపోతున్నాను. మా లంకలో నెట్ సరిగా ఉండదు. ముంబయి సర్వర్‌కు పింగ్ ఎక్కువ కావడం వల్లే ఇలా అవుతోందా?

కాలవగట్టు, భీమవరం: పింగ్ కాదు తమ్ముడూ, నువ్వు అడిగిన దాంట్లోనే అసలు జవాబు ఉంది. మొదట్లో E నొక్కిన క్షణంలోనే డ్యాష్ అయ్యేది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.08 ప్యాచ్‌తో అది రెండు నొక్కుల పని అయింది. మొదటి నొక్కుకు డ్యాష్ సిద్ధమవుతుంది, 0.75 సెకను ఆగాలి. ఆ తర్వాత 12 సెకన్లలోపు రెండోసారి నొక్కితే దూకుతుంది, లేకపోతే పోతుంది. ఇద్దరిని చంపితే తిరిగి వస్తుంది. 2023లో 7.04 ప్యాచ్ ఆ ఆగడాన్ని 1 సెకనుకు పెంచి, 12 సెకన్ల గడువును 7.5కు కుదించింది. అప్పుడే పైకి ఎగిరే అవకాశాన్ని రెండు నుంచి ఒకటికి, చూపును అడ్డుకునే పొగ, అంటే స్మోక్, నిలిచే సమయాన్ని 4.5 సెకన్ల నుంచి 2.5కు తగ్గించారు.

ఎందుకు ఇలా చేశారో చూడాలంటే ఆపరేటర్ అనే స్నైపర్ తుపాకీ పట్టుకున్న పాత జెట్‌ను తలచుకోవాలి. ఆ తుపాకీ 4,700 క్రెడిట్లు. తలకో ఛాతీకో తగిలితే ఒక్క గుండుకే మనిషి పోతాడు, కానీ గురి తప్పితే రెండో గుండు వేసేలోపు ఎదుటివాడు మీద పడతాడు. అదే దాని బలహీనత. జెట్ చేతిలో ఆ బలహీనత లేకుండా పోయింది. గురి తప్పినా తక్షణం దూకి తప్పించుకునేది. ఎదుటి ఆటగాడు ఎంత తెలివిగా ఆడినా ఆమెను శిక్షించే మార్గం దొరికేది కాదు. వాళ్లు తీసివేసింది తప్పు చేశాక తప్పించుకునే సౌకర్యాన్ని. ముందే ఆలోచించి దూకే హక్కు అలాగే ఉంది.

అమలాపురం_శివారు: ఇక్కడే నాకు అభ్యంతరం ఉందండి. మన డెల్టాలో రబీకి నీరు చాలకపోతే వంతులు పెడతారు. కాలువ ఎగువన ఉన్నవాడు ఇష్టం వచ్చినట్టు తోడుకున్నాడని లాకు దించితే, ముందు ఎండేది శివారు చేను. టోర్నమెంట్లలో ఆడేవారి చేతిలో జెట్ మితిమీరిందన్నది నిజమే కావచ్చు. మా కింది ర్యాంకులో మాత్రం ఆపరేటర్‌తో అలా ఆడగలిగినవాడు అరుదు. మేము డ్యాష్‌ను ప్రాణం దక్కించుకోవడానికే వాడుకునేవాళ్లం. మాకు తెలియని తప్పుకు మాకు కోత పడింది.

కాలవగట్టు, భీమవరం: మీరన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పై ర్యాంకుకు ఒక జెట్, కింది ర్యాంకుకు ఒక జెట్ పెడితే, మెట్టు ఎక్కిన ప్రతివాడూ ఆటను మళ్లీ నేర్చుకోవాలి. ఒకటే పెడితే ఎవరో ఒకరు నష్టపోతారు. అయితే నెర్ఫ్‌లన్నీ ఒకటి కావు. ఒక అంకెను తగ్గిస్తే దెబ్బ అందరికీ తగులుతుంది. వాడే తీరును మార్చినప్పుడు నేర్చుకున్నవాడు పోయిన బలంలో కొంత తిరిగి తెచ్చుకోగలడు. 4.08 ఎక్కువగా రెండో రకం, 7.04 చాలావరకు మొదటి రకం. అందుకే మొదటిదాన్ని నేను సమర్థిస్తాను. రెండోదానిలో స్మోక్‌ను అంతగా కోయడం మాత్రం ఎక్కువేనని నాకూ అనిపిస్తుంది.

పాలకొల్లు వారికి ఒక పని చెబుతాను. వదిలేయాలో వద్దో ఇప్పుడే తేల్చుకోకండి. మీ ఆటలు ఒక పది రికార్డు చేసి, చనిపోయిన ప్రతిసారీ డ్యాష్ ఏ స్థితిలో ఉందో రాసుకోండి. E అసలు నొక్కకుండానే చనిపోయారా, లేక నొక్కాక గడువు ముగిసిపోయి చనిపోయారా అన్నది ముఖ్యం. మొదటి రకం ఎక్కువగా ఉంటే మీ వేళ్లు ఇంకా పాత జెట్‌నే ఆడుతున్నాయని అర్థం. మనిషి కనబడ్డాక నొక్కడం ఇప్పుడు ఆలస్యమే కాబట్టి, అడుగుల చప్పుడు వినబడినప్పుడే నొక్కాలి. రెండో రకం ఎక్కువైతే మీరు రౌండ్ మొదలవగానే కంగారుగా నొక్కేస్తున్నారు. 7.5 సెకన్లలో శత్రువు మీ మూలకు చేరలేకపోతే ఆ డ్యాష్ వృథా. అప్పుడు ఒక్క అడుగు వెనక్కి వేస్తే గోడ చాటు దొరికే చోట నిలబడి, డ్యాష్‌ను దాచుకోవడం మేలు. దాడి చేసేటప్పుడు ముందు E నొక్కి, ఆ సెకను గడిచేలోపు స్మోక్ విసిరి, దానిలోకి దూకండి. స్మోక్ ముందు వేస్తే సగం కరిగిపోయాక గాని మీరు లోపలికి చేరరు.

పాలకొల్లు_జెట్: పది ఆటలు చూశానండి. మొత్తం 143 చావుల్లో E నొక్కనివి 88, గడువు దాటిపోయినవి 17. మిగతావి డ్యాష్‌తో సంబంధం లేనివి. స్మోక్ వరుస మార్చాక లోపలికి దూకడం కుదురుతోంది. ఆపరేటర్ పట్టుకుని కాపలా కాసేటప్పుడు మాత్రం చేయి ఇంకా ఆగడం లేదు, గురి తప్పాకే E మీదికి పోతోంది. ఈ వారం ఆపరేటర్ కొనకుండా ఆడి చూస్తాను.

అమలాపురం_శివారు: చూసి చెప్పండి. కింది ర్యాంకుల విషయంలో నా మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.