క్రియాటిన్ నాకు ఎక్కదా, నేనే సరిగ్గా చూడలేదా?

హెచ్ఎస్ఆర్ చిన్నోడు
ఏడు వారాల నుంచి క్రియాటిన్ వేసుకుంటున్నాను. బెంచ్ ప్రెస్ 80 కేజీల దగ్గరే ఆగిపోయింది, ఒంటి బరువు 78 అలాగే ఉంది. మా జిమ్ ట్రైనర్ "నువ్వు నాన్ రెస్పాండర్, కొందరికి అంతే, డబ్బులు దండగ" అంటున్నాడు. రోజూ పావు కేజీ చికెన్ తింటాను. నిజంగా కొందరికి పనిచేయదా? మనకు పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

బీటీఎం భీముడు
లోడింగ్ చేయలేదు కదా బ్రో, అక్కడే తేడా కొట్టింది. రోజుకు 20 గ్రాములు, నాలుగు సార్లుగా, ఐదు రోజులు వెయ్యి. ఐదో రోజు పొద్దున తూకం చూసుకో. కేజీ పైన పెరిగితే నీకు ఎక్కినట్టు, పెరగకపోతే నాన్ రెస్పాండర్, అంతే. నాకు 1.6 కేజీ పెరిగింది. అయినా రోజూ చికెన్ తినేవాళ్లకు ఇది ఎలాగూ పనిచేయదు, పప్పన్నం బ్యాచ్‌కే లాభం.

వైట్‌ఫీల్డ్ అక్క
భీముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగమే జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది. నేను స్పోర్ట్స్ ఫిజియోని, ఈ ప్రశ్న వారానికి ఒకరైనా అడుగుతారు.

నాన్ రెస్పాండర్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. 1992లో హారిస్ అనే పరిశోధకుడి బృందం వాళ్లు కండలోంచి చిన్న ముక్క తీసి కొలిచారు. మామూలుగా ఎండు కండ కిలోకు 120 యూనిట్ల చుట్టూ క్రియాటిన్ ఉంటుంది, ఎంత తిన్నా 160 దాటడం కష్టం. మొదట్లో తక్కువ ఉన్నవాళ్లకే బాగా పెరిగింది. ముందే నిండుకుండలా ఉన్నవాడికి పోసినా పొర్లిపోతుంది, అంటే మూత్రంలో పోతుంది. 2004లో ఇంకో చిన్న స్టడీలో 11 మంది మగవాళ్లకు ఐదు రోజుల లోడింగ్ ఇచ్చి చూస్తే ముగ్గురికి 20 యూనిట్ల పైన పెరిగింది, ఐదుగురికి మధ్యస్తంగా, ముగ్గురికి 10 లోపే. ఎక్కువ పెరిగినవాళ్లలో మొదటి నిల్వ తక్కువ, వేగంగా పనిచేసే కండ పోగులు ఎక్కువ. జిమ్‌లో అందరూ చెప్పే "పాతిక శాతం మందికి పనిచేయదు" లాంటి లెక్కల వెనక ఉన్నది ఇలాంటి గుప్పెడు మందే, అదీ ఐదు రోజుల లెక్క. ఐదు రోజుల్లో నిండనిది నాలుగు వారాల్లో నిండదని ఆ స్టడీ చెప్పలేదు.

చికెన్ సంగతి. కిలో పచ్చి మాంసంలో నాలుగైదు గ్రాముల క్రియాటిన్ ఉంటుంది, కాబట్టి నీ పావు కేజీకి గ్రాము అటూ ఇటూ, వండితే ఇంకాస్త తగ్గుతుంది. కుండ నిండిపోవాలని లేదు. శాకాహారికి తేడా పెద్దగా కనిపిస్తుంది, అది నిజమే, కానీ మాంసాహారికి సున్నా అనడం తప్పు.

ఇంతకీ తమ్ముడూ, రోజుకు ఎంత వేస్తున్నావు, దేనితో కొలుస్తున్నావు? జిమ్‌కి వెళ్లని రోజుల్లో కూడా వేస్తున్నావా?

హెచ్ఎస్ఆర్ చిన్నోడు
డబ్బాలో స్కూప్ దొరకలేదక్కా, టీ చెంచాలో సగం వేస్తాను. జిమ్ ఉన్న రోజులే, వారానికి నాలుగు.

వైట్‌ఫీల్డ్ అక్క
వంటింటి తూకం మిషన్ మీద ఒకసారి పెట్టి చూడు. అర చెంచా అంటే చాలామందికి రెండు గ్రాముల చుట్టూ వస్తుంది. రెండు గ్రాములు, నాలుగు రోజులు, అంటే వారానికి 8 గ్రాములు. నీ బరువున్న మనిషి ఒంట్లోంచి రోజుకు రెండు గ్రాముల దాకా కరిగిపోతుంది, అంటే వారానికి 14. దాన్ని నీ తిండీ నీ లివరూ కలిసి ఎలాగోలా పూడుస్తాయి. పైన నువ్వు వేసే ఎనిమిది వల్ల నిల్వ పెరిగినా మెల్లగా, కొద్దిగానే. రోజూ 3 గ్రాములు వేసినవాళ్లకు నెల రోజుల్లో, లోడింగ్ చేసినవాళ్ల స్థాయికే కండలో నిల్వ చేరిందని 1996లోనే చూపించారు. కాబట్టి ముందు రోజూ, ఆదివారంతో సహా, 3 నుంచి 5 గ్రాములు వెయ్యి. అప్పుడు మాట్లాడదాం.

కేఆర్ పురం రావు
మేడమ్, నాకు హెల్త్ చెకప్‌లో క్రియాటిన్ 1.3 వచ్చింది, పోయినేడాది 1.0 ఉండేది. క్రియాటిన్ వేసుకోవడం మొదలుపెట్టాకే పెరిగింది. అంటే నాకు బాగా ఎక్కిందనే కదా? మా ఆవిడ మాత్రం కిడ్నీ పోయిందని ఏడుస్తోంది.

వైట్‌ఫీల్డ్ అక్క
రావుగారూ, రిపోర్టులో ఉన్నది క్రియాటినిన్ అండి, క్రియాటిన్ కాదు. క్రియాటిన్ ఒంట్లో అరిగి చివరికి క్రియాటినిన్ అవుతుంది, అందుకే పొడి వేసుకునేవాళ్లలో అది కొంచెం పెరగొచ్చు. కండలోకి చేరిందా లేదా అనేది దాన్నిబట్టి తెలియదు. అలాగని "పొడి వల్లే" అని ఊరికే వదిలేయకండి. డాక్టరుగారికి క్రియాటిన్ వేసుకుంటున్నట్టు చెప్పి, సిస్టాటిన్ సి అనే టెస్ట్ అడగండి, దానికి కండతో, ఈ పొడితో పెద్దగా సంబంధం ఉండదు. అది చూపించేదాకా పొడి ఆపేయండి.

భీముడు
అక్కా, బరువు సంగతి తప్పించుకున్నారు. నాకు పెరిగింది కదా!

వైట్‌ఫీల్డ్ అక్క
తప్పించుకోలేదు, లోడింగ్‌లో వారం లోపు ఒకటి రెండు కేజీలు పెరగడం మంచి గుర్తే, కండలోకి నీళ్లు చేరతాయి. అయితే బరువు పెరగలేదు కాబట్టి లోపలికి వెళ్లలేదు అని తిరగేసి చెప్పలేం. రోజుకు 3 గ్రాములు వేసేవాడికి ఆ నీళ్లు నెల మీద మెల్లగా చేరతాయి, రాత్రి బిర్యానీ తిన్నందుకే పొద్దున కేజీ తేడా వచ్చే తూకంలో అది కనిపించదు.

ఇక బెంచ్ ప్రెస్. ఒకే ఒక్కసారి ఎత్తే గరిష్ఠ బరువు దీనికి మంచి పరీక్ష కాదు. క్రియాటిన్ చేసే పని ఏమిటంటే, పది సెకన్లలో ఖర్చయిపోయే శక్తిని సెట్ల మధ్య విశ్రాంతిలో త్వరగా నింపడం. కాబట్టి ఫలితం మూడో సెట్లో, నాలుగో సెట్లో కనిపిస్తుంది. మూడు నిమిషాలు కూర్చుని ఫోన్ చూసి లేచేవాడికి ఆ తేడా అసలు తెలియకపోవచ్చు.

మా ఆయన మీద చేసిన ప్రయోగం చెప్తాను. ఆయన నాలుగేళ్ల నుంచి జిమ్‌కి వెళ్తున్నాడు, రెప్స్ ఎక్కడున్నవి అక్కడే. 24 కేజీల డంబెల్స్, పడుకుని ప్రెస్, నాలుగు సెట్లు చేతకానిదాకా, మధ్యలో గడియారం పెట్టి 90 సెకన్లు. నాలుగు సెట్ల మొత్తం రెప్స్ ఒక నోట్‌బుక్‌లో రాసేవాడు. పొడి మొదలుపెట్టక ముందు ఆరు సార్లు: 31, 33, 30, 34, 32, 32. సగటు 32. ఇక్కడే చూడండి, ఏమీ మారకుండానే 30 నుంచి 34 దాకా ఊగుతోంది. ఒక్క రోజు 34 చూసి ఎక్కింది అనుకోవడం, ఒక్క రోజు 30 చూసి దండగ అనుకోవడం, రెండూ ఒకటే.

తర్వాత పొద్దున రాగిజావలో నేను కలిపేదాన్ని. క్రియాటిన్ గరుకుగా ఉంటుంది, నీళ్లలో కలిపితే నాలుకకు తెలిసిపోతుంది, రాగిజావలో తెలియదు. ఏ వారాల్లో కలుపుతానో ఆయనకు చెప్పలేదు. ఐదు వారాలు 5 గ్రాముల చొప్పున కలిపాక ఆరు సార్లు: 35, 34, 36, 37, 35, 33. సగటు 35. ఆపేశాక మొదటి మూడు వారాలు రెప్స్ తగ్గలేదు, నిల్వ ఖాళీ కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందుకే తొందరపడకూడదు. ఐదూ ఆరూ వారాల్లో సగటు 33. మళ్లీ మొదలుపెట్టాక 35. ఇందులో నవ్వొచ్చే విషయం, ఆయన "ఈ రోజు వేశావు కదా, పంప్ వేరేగా ఉంది" అని తేల్చి చెప్పిన రోజుల్లో చాలావాటికి కుండలో ఉత్త రాగిజావే.

ఎలక్ట్రానిక్ సిటీ డేటా దాసు
అక్కా, నోట్‌బుక్ పద్ధతికి నా దండం, కానీ మూడు రెప్స్ మీద అంత ధీమా వద్దు. మీ ఆయన సహజంగా ఊగేదే నాలుగు రెప్స్. పైగా కలిపింది మీరే, రాసుకునే రోజు పక్కన నిలబడి మీరే ఎక్కువ అరిచి ఉండొచ్చు. నాకున్న అసలు అభ్యంతరం వేరే. పది మందికి పొడి ఇస్తే కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ కనిపిస్తుంది. ఉత్త పిండి ఇచ్చినా అంతే చెదురుగా కనిపిస్తుంది. పొడి గుంపులో చెదురు పిండి గుంపు కన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటేనే, మనిషికీ మనిషికీ నిజమైన తేడా ఉందని చెప్పగలం. రెప్స్ చూసి నాన్ రెస్పాండర్ అన్నవాళ్లలో చాలామంది నిద్ర సరిగ్గా పోనివాళ్లే అని నా అనుమానం.

వైట్‌ఫీల్డ్ అక్క
రెప్స్ వరకు ఒప్పుకుంటాను దాసూ. కండ ముక్క తీసి కొలిచిన స్టడీల్లో తేడా మాత్రం నిద్ర వల్ల వచ్చింది కాదు. 1994లో ఎనిమిది మందిని చూస్తే, ఐదుగురికి నిల్వ బాగా పెరిగింది, వాళ్లలో విశ్రాంతిలో శక్తి తిరిగి నిండడం కూడా వేగంగా జరిగింది. మిగతా ముగ్గురికి పెద్దగా పెరగలేదు, వేగం కూడా పెరగలేదు. అరుపుల సంగతి నిజమే, జిమ్‌లో నేనే ఉండేదాన్ని 😀

దాసు
ఎనిమిది మంది!

వైట్‌ఫీల్డ్ అక్క
అందుకే నేను కూడా శాతాలు చెప్పడం మానేశాను.

హెచ్ఎస్ఆర్ చిన్నోడు
పదకొండు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. తూకం వేస్తే నా అర చెంచా 1.8 గ్రాములే ఉందక్కా. మొదట ఆరు వారాలు పూర్తిగా ఆపేసి, ఆఖర్లో ఐదు సార్లు రాసుకున్నాను, 22 కేజీల డంబెల్స్‌తో సగటు 27. తర్వాత ఐదు వారాలు రోజుకు 5 గ్రాములు, ఒక్కరోజు కూడా వదల్లేదు, చివరి ఐదు సార్ల సగటు 28. బరువు 78.4. పొడి ఎవరూ కలిపి ఇవ్వలేదు, పీజీలో ఒక్కడినే.

భీముడు
ఒక రెప్పుకి ఇంత సోదా. చెప్పానుగా నాన్ రెస్పాండర్ అని.

దాసు
నీ సంఖ్యలు రోజు రోజుకూ ఎంత ఊగాయి?

హెచ్ఎస్ఆర్ చిన్నోడు
25 నుంచి 29 దాకా.

దాసు
అయితే ఆ ఒక్క రెప్పుతో ఏమీ తేలదు. పనిచేసింది అనలేం, చేయలేదు అనలేం.

వైట్‌ఫీల్డ్ అక్క
నాకూ అంతే అనిపిస్తోంది. చికెన్ వల్ల మొదటే సగం పైన నిండి ఉండొచ్చు, కాస్త చేరి ఉండొచ్చు, రెప్స్‌లో కనిపించేంత కాకపోవచ్చు. తెలియాలంటే ఇంకోసారి ఆపి మొదలుపెట్టాలి, అంటే ఇంకో మూడు నెలలు. నీ ఓపిక.

హెచ్ఎస్ఆర్ చిన్నోడు
డబ్బాలో ఇంకా సగం ఉంది. అది అయిపోయాక ఆపి చూస్తాను. రూమ్మేట్ ఎవరైనా దొరికితే రాగిజావ వాడి చేత కలిపిస్తాను.