లోడ్ బ్యాంక్ టెస్ట్ ఎందుకో ఓనర్‌ గారికి ఎలా చెప్పాలి?

హోటల్లో మెయింటెనెన్స్ చూస్తాను. మా డీజిల్ జనరేటర్ 500 కేవీఏ, అంటే సుమారు 400 కిలోవాట్లు. వారానికోసారి అరగంట నడుపుతాం, కానీ అప్పుడు దాని మీద పడే లోడ్ 50 కిలోవాట్లే. "స్టార్ట్ అవుతోందిగా, ఇంకా టెస్ట్ ఏంటి?" అంటారు ఓనర్ గారు.

ఈమధ్య సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లగా ఏదో కారుతోంది. వేలితో తుడిస్తే తారులా అంటుకుంది. 30 శాతం లోపు లోడ్‌తో ఎప్పుడూ నడిపితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పూర్తిగా కాలని డీజిల్ ఇలా పేరుకుంటుందని ఓనర్ గారికి ఇచ్చే నోట్‌లో రాశాను. రేడియేటర్ సగం మూసుకుపోయినా 50 కిలోవాట్ల దగ్గర టెంపరేచర్ పెరగకపోవచ్చు. కరెంటు పోయి లిఫ్టులు, చిల్లర్ లోడ్ జనరేటర్ మీద పడ్డప్పుడే బయటపడుతుంది. నా అసలు భయం అదే.

జనరేటర్ మీద కావాల్సినంత కృత్రిమ లోడ్ పెట్టే లోడ్ బ్యాంక్ అద్దెకు తెచ్చి 50 శాతం మీద అరగంట, తర్వాత 75 మీద గంట నడుపుదామని అడగబోతున్నా. ఇప్పటికే జిడ్డు పట్టింది కదా, పొగగొట్టంలో అంటుకోకుండా లోడ్ ఇంకా మెల్లగా పెంచాలా? "మన బిల్డింగ్ లోడే ఎక్కించొచ్చుగా" అని ఆయన అంటే ఏం చెప్పాలి? చేయించినవాళ్లు ఎవరైనా చెప్పండి.