బాడుగ ఆలస్యమవుతుందని ఓనర్‌కు చెప్పేటప్పుడు ఏ తేదీ చెప్పాలి?

వెంకటరమణ కాలనీ:
కర్నూలులో బాడుగ ఇంట్లో ఉంటున్నా. నెలకు 8,500, ప్రతి నెలా 5వ తేదీకి ఇవ్వాలి. ఈ నెల జీతాలు ఇంకా పడలేదు. అకౌంటెంట్‌ను అడిగితే "10కి వేసేస్తాం" అంటున్నాడు. ఓనర్ రిటైర్డ్ టీచరు, కింది ఇంట్లోనే ఉంటారు. ఈ రోజు 2వ తేదీ. ఇప్పుడే చెప్పాలా, 5 దాకా చూడాలా? 10 అని చెప్పేయొచ్చా? చేతిలో 6,000 ఉంది.

పాతూరు కుర్రోడు:
5 దాకా ఆగు అన్నా. ఈలోపు జీతం పడిందనుకో, అనవసరంగా చెప్పి ఆయన దృష్టిలో తక్కువైపోతావు. ఒకసారి చెబితే ప్రతి నెలా 1వ తేదీ నుంచే నీ మొహం చూస్తుంటాడు.

కడప అక్క:
నేను ఇల్లు బాడుగకు ఇచ్చినదాన్ని, ఎర్రముక్కపల్లెలో పై అంతస్తు. నా వైపు నుంచి చెబుతా. ఆ ఇంటి లోను కంతు 10వ తేదీ నా అకౌంట్ నుంచి పోతుంది. పైవాళ్ల బాడుగ అందులో కలిస్తేనే కంతు సరిపోతుంది. 2వ తేదీ చెబితే మా అమ్మాయిని అడిగో, చీటీ డబ్బు కొంచెం ఆపుకొనో సర్దుకుంటాను. 9వ తేదీ రాత్రి చెబితే నేనెక్కడికి పోవాలి? పోయిన ఏడాది ఒకతను అలాగే చేశాడు. కంతు వెనక్కి పోయి చార్జీలు నేను కట్టాను. అతను 12కి బాడుగ ఇచ్చాడు, కానీ ఆ కోపం నాకు పోలేదు. కాబట్టి ఈ రోజే చెప్పండి.

పాతూరు కుర్రోడు:
అందరు ఓనర్లకూ లోన్లు ఉండవు కదక్కా. టీచరు పెన్షన్ వస్తుంటుంది ఆయనకు.

కడప అక్క:
పెన్షన్ వస్తే ఖర్చులు ఉండవా నాయనా? ఆయనకు ఏ తేదీన ఏం కట్టాలో మనకు తెలియదు. తెలియదు కాబట్టే ముందు చెప్పమంటున్నా.

కోర్టు రోడ్డు:
చట్టం ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇచ్చి తీరాలి. ఓనర్‌కు 7 అని ధైర్యంగా చెప్పండి. ఆఫీసులో కూడా ఆ మాటే గట్టిగా అడగండి. మన హక్కు మనం అడగకపోతే ఎట్లా?

అనంతపురం పేరోల్:
7 అన్న మాట నిజమే, కానీ అది మీకూ కంపెనీకీ మధ్య సంగతి. కంపెనీ తప్పితే మీరు ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫిర్యాదుతో 7వ తేదీ సాయంత్రానికి అకౌంట్‌లో డబ్బు పడదు, ఓనర్‌కు చెప్పిన మాట మాత్రం పోతుంది.

నేను అనంతపురంలో 11 ఏళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నా. అకౌంటెంట్ "10" అంటే ఏంటో చెబుతా. కంపెనీకి ఎక్కడి నుంచో రావాల్సిన డబ్బు రావాలి. తర్వాత జీతాల ఫైలు బ్యాంకు సైట్‌లో ఎక్కించాలి. ఎక్కించేవాడు ఒకడు, ఆమోదించే మనిషి ఇంకొకరు, చాలా చోట్ల ఆ రెండో మనిషి కంపెనీ ఓనరే. ఆయన ఊళ్లో లేకపోతే ఫైలు అలాగే పడి ఉంటుంది. ఆదివారమైనా డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకు పోతుంది. ఇబ్బంది అక్కడ కాదు, నొక్కాల్సిన మనిషి దగ్గర.

అకౌంటెంట్‌ను "ఎప్పుడు పడుతుంది" అని అడగొద్దు. "కంపెనీ అకౌంట్‌లోకి డబ్బు వచ్చేసిందా, ఇంకా రావాలా" అని అడగండి. వచ్చేసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో పడుతుంది. ఇంకా రావాలంటే 10 అనేది ఆయన ఆశ అంతే.

వెంకటరమణ కాలనీ:
అడిగాను. ఒక పెద్ద బిల్లు 9న రావాలంట. ఇంకో మాట, 7వ తేదీ బైకు కంతు 3,100 నా అకౌంట్ నుంచి పోతుంది.

అనంతపురం పేరోల్:
అయితే ఇలా చూడండి. ఈ నెల 10 శుక్రవారం, 11 రెండో శనివారం, 12 ఆదివారం. బిల్లు 9 సాయంత్రం వచ్చినా, 10న ఆ రెండో మనిషి నొక్కకపోతే 13 సోమవారం దాకా ఆగినట్టే. మీరు ఓనర్‌కు 14 మంగళవారం అని చెప్పండి. 10 అని చెప్పి 13కి ఇస్తే తప్పిన మాట. 14 అని చెప్పి 11కి ఇస్తే నిలబడ్డ మాట.

చేతిలో ఉన్న 6,000లో కంతు 3,100 ముట్టుకోవద్దు. అది వెనక్కి పోతే బ్యాంకూ, లోను ఇచ్చినవాళ్లూ ఇద్దరూ చార్జీ వేస్తారు. మిగతా 2,900లో 2,000 ఓనర్‌కు ఈ రోజే ఇవ్వండి. 900తో జీతం పడేదాకా గడవాలి, కష్టమే.

సి క్యాంప్ బ్రదర్:
14 ఎందుకు, 20 అనండి. టెన్షన్ ఉండదు.

కడప అక్క:
20 అంటే నాకు వెంటనే వచ్చే ఆలోచన, వచ్చే నెల 5కి రెండూ కలిపి ఎగ్గొడతాడేమో అని. 5వ తేదీ నుంచి పది రోజుల లోపు అయితే నమ్ముతాను. అడ్వాన్సులో పట్టుకోమని మాత్రం అడగొద్దు. అది ఖాళీ చేసేటప్పుడు సున్నం, కరెంటు బిల్లు కోసం ఉంచుకున్నది.

రామ్‌నగర్ రాయుడు:
అడ్వాన్సు గురించి అన్నారు కాబట్టి చెబుతున్నా. మా పాత ఓనర్ 20,000 అడ్వాన్సులో 7,000 పెయింటింగ్ అని పట్టుకున్నాడు. ఇల్లు తీసుకున్నప్పటి ఫొటోలు నా దగ్గర లేవు. దీనికి ఏం చేయాలి?

అనంతపురం పేరోల్:
అది వేరే ప్రశ్న రాయుడూ, విడిగా రాయి, చెబుతాం.

2,000 ఇవ్వడంపై నాకూ పూర్తి నమ్మకం లేదు. కొందరు ఓనర్లు చిల్లర చిల్లరగా తీసుకోవడం ఇష్టపడరు.

కడప అక్క:
నాకు ఇష్టమే. 2,000తో నా కంతు తీరదు కానీ, మనిషి తప్పించుకు తిరగడం లేదని తెలుస్తుంది.

పాతూరు కుర్రోడు:
నేనైతే ఇవ్వను. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే 900తో ఏం చేస్తాడు? మొత్తం ఒకేసారి ఇస్తే లెక్క కూడా సులువు.

అనంతపురం పేరోల్:
అది మీ ఇంటి పరిస్థితి చూసుకుని మీరే తేల్చుకోండి. ఇచ్చేదీ ఇవ్వనిదీ ఎట్లున్నా, కిందికి దిగి నోటితో చెప్పండి, పై ఇంట్లోనే ఉండి మెసేజ్ మాత్రమే పెడితే బాగుండదు. చెప్పి వచ్చాక ఇలా రాసి పంపండి:

"సార్, నమస్కారం. ఇందాక చెప్పినట్టు మా ఆఫీసులో జీతాలు ఆలస్యమయ్యాయి. బాడుగ 8,500లో 2,000 ఈ రోజు మీ ఫోన్‌పేకు వేశాను. మిగతా 6,500 14వ తేదీ మంగళవారం సాయంత్రం లోపు వేస్తాను. జీతం ముందే పడితే అదే రోజు వేస్తాను."

ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది, ఏ రోజు అన్నది రాతలో ఉండాలి. మీ మేనేజరు మీద కోపం, కంపెనీ కష్టాలు ఆయనకు అక్కర్లేదు. ఆ బిల్లు 9న రాకపోతే మాత్రం 13 దాకా కూర్చోవద్దు, ఆ రోజే 6,500 ఎవరి దగ్గర సర్దుకోవాలో చూసుకోండి. 14 అనే మాట మీది, కంపెనీది కాదు.

కోర్టు రోడ్డు:
అప్పు చేసి మరీ బాడుగ కట్టాలా? ఆఫీసును అడగడం మానేసి?

అనంతపురం పేరోల్:
రెండూ చేయండి. ఆఫీసును అడగడం ఆపమని నేను అనలేదు.

వెంకటరమణ కాలనీ:
సాయంత్రం చెప్పాను. మెసేజ్ కూడా పెట్టాను, 2,000 వేశాను. సారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "14 అంటే 14 కదా" అన్నారు. "అవును సార్" అన్నా. ఆయనకు 10న మనవడి కాలేజీ ఫీజు ఉందంట, వేరే చోట చూసుకుంటానన్నారు. 5వ తేదీ చెప్పి ఉంటే ఆ ఫీజుకు ఏం చేసేవారో. మా తమ్ముడిని అడిగాను, 9 తర్వాత అవసరమైతే 5,000 వేస్తానన్నాడు. ఇంకా 1,500 తక్కువ.