పెంకుటింటి సాయంకాలం ఫోటో: ఆకాశం బాగుంటే కిటికీలు తెల్లబడిపోతున్నాయి

లంకలో_ఇల్లు
మాది రాజోలు వైపు లంక ఊరండి. తాతల నాటి మండువా లోగిలి. ముందు వసారా, కర్ర స్తంభాలు, చుట్టూ కొబ్బరితోట. రెండు గదులు బాగుచేయించి, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి బసగా ఇద్దామనుకుంటున్నాం. అందుకు సాయంత్రం పూట ఇంటి ముందునుంచి తీసిన ఫోటో ఒకటి కావాలి. ఆకాశంలో నీలం మిగిలి ఉండాలి, లోపల దీపాలు వెలుగుతూ కనపడాలి, ఒకదాన్ని ఒకటి మింగెయ్యకూడదు.

నిన్న ట్రైపాడ్ మీద పెట్టి తీశాను. సూర్యాస్తమయం 5:48కి. ఎఫ్ 8, ఐఎస్ఓ 100 నేను పెట్టాను, షట్టర్ మాత్రం కెమెరాకే వదిలేశాను. 5:58కి అర సెకను ఇచ్చింది. అందులో దీపాలు వెలిగించామో లేదో కూడా తెలియట్లేదు. 6:08కి ఎనిమిది సెకన్లు. ఆకాశం దాదాపు అలాగే ఉంది కానీ కిటికీలు తెల్ల కాగితం అతికించినట్టు అయిపోయాయి. వీధి గుమ్మంలోంచి కనపడాల్సిన మండువా, గోడమీద తాతయ్య పటం, ఏమీ లేవు. 6:20కి ముప్పై సెకన్లు పట్టినా ఆకాశం నల్లబడిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?

కాలవగట్టు
ఇంత ఆలోచన ఎందుకండీ, బ్రాకెటింగ్ పెట్టి, ఒక్కోటి ఒక్కో ఎక్స్‌పోజర్‌తో ఐదు ఫ్రేములు తీసి కలిపెయ్యండి. కిటికీలు చీకటి ఫ్రేములోంచి, ఆకాశం వెలుగు ఫ్రేములోంచి వస్తాయి. ఈ నీలం వేళ పేరులోనే బ్లూ అవర్ అని ఉంది, గంటసేపు టైముంటుంది, నింపాదిగా తీసుకోవచ్చు.

పాత_నెగెటివ్
గంట ఉండదండీ. యూరప్ వాళ్ళ వీడియోలు చూస్తే అలాగే అనిపిస్తుంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, అందుకని సంధ్య సాగుతుంది. మనం పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, ఇక్కడ దాదాపు నిలువునా దిగిపోతాడు. అస్తమించాక సుమారు ఇరవై మూడు నిమిషాల్లో సూర్యుడు క్షితిజానికి ఆరు డిగ్రీల కిందకి వెళ్ళిపోతాడు. ఆ ఇరవై మూడింటిలో మీకు పనికొచ్చేవి నాలుగైదు నిమిషాలే.

లంకలో_ఇల్లు గారూ, తప్పు మీ అంకెల్లోనే కనపడుతోంది. 5:58కి అర సెకను, 6:08కి ఎనిమిది సెకన్లు. అంటే పది నిమిషాల్లో షట్టర్ నాలుగుసార్లు రెట్టింపయింది. ఆకాశం రెండున్నర, మూడు నిమిషాలకోసారి సగానికి పడిపోతుంటే కెమెరా దాని వెనకాలే పరిగెత్తి షట్టర్ పెంచుకుంటూ పోయింది. అందుకే మీ ఆకాశం రెండింట్లోనూ ఒకేలా ఉంది. మరి లోపలి బల్బు? అది 5:58కీ 6:08కీ ఒకే వెలుగు ఇస్తోంది. దాని మీద పదహారు రెట్లు ఎక్స్‌పోజర్ పడింది. తెల్లబడక ఏం చేస్తుంది?

దీన్ని తిరగెయ్యండి. ఆకాశం సంగతి మర్చిపోయి, మారని దాన్ని పట్టుకోండి. అస్తమించిన ఐదు నిమిషాలకి దీపాలన్నీ వెయ్యండి. మాన్యువల్‌లో పెట్టి, గుమ్మంలోంచి కనపడే లోపలి గోడ సరిగ్గా వచ్చేదాకా షట్టర్ సరిచెయ్యండి. బల్బు కాదు, బల్బు వెలుగు పడిన గోడ. మామూలు ఇంటి దీపాలకి ఎఫ్ 8, ఐఎస్ఓ 100 దగ్గర ఒకటి నుంచి నాలుగు సెకన్ల మధ్య ఎక్కడో కుదురుతుంది. కుదిరాక ఇక దేన్నీ ముట్టుకోవద్దు. నిమిషానికొకటి చొప్పున తీస్తూ కూర్చోండి. మొదట్లో ఆకాశం తెల్లగా వస్తుంది, కంగారు పడకండి. అదే దిగుతూ దిగుతూ మీ దీపాల దగ్గరకొస్తుంది. గోడ ఎంత వెలుగుందో ఆకాశం దానికి సమానంగానో, ఒక స్టాప్ తక్కువగానో, అంటే సగం వెలుగుతోనో ఉన్న ఫ్రేమే మీది. 5:48 అస్తమయానికి 6:05, 6:08 మధ్య వస్తుందని నా లెక్క.

ఇంకో మాట. చీకట్లో కెమెరా వెనక తెర కళ్ళకి చాలా వెలుగుగా ఉంటుంది, బాగా వచ్చేసిందనుకుని మోసపోతాం. తెర వెలుగు తగ్గించుకుని హిస్టోగ్రామ్ చూడండి, అదే వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు. దాని కుడి అంచుకి అంటుకున్న సన్నటి గీత బల్బుదైతే పరవాలేదు. అక్కడ దిబ్బలా లేచిందంటే కిటికీ పోయినట్టే.

రొయ్యల_చెరువు
మా చెరువు దగ్గర షెడ్డు ఫోటో కూడా ఇలాగే అవుతోందండి. భీమవరం పక్కన. ఫోన్‌లో నైట్ మోడ్ పెడితే షెడ్డు పట్టపగల్లా వస్తోంది, గట్టు మీద ఫ్లడ్ లైటు ముద్దగా వస్తోంది. ఫోన్ మార్చాలంటారా?

పాత_నెగెటివ్
ఫోన్ మార్చక్కర్లేదు. నైట్ మోడ్ చీకటిని పోగొట్టడానికి పెట్టింది, మీకు కావాల్సింది కాస్త చీకటి ఉండటం. అది తీసేసి, తెరమీద షెడ్డు లోపలి గోడని నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ అక్కడే ఆగుతుంది. ఫోన్‌ని దేనికైనా ఆనించండి. ఫ్లడ్ లైటు మాత్రం ఆర్పాల్సిందే, లేదా అది షెడ్డు చాటుకి వచ్చేలా మీరు పక్కకి జరగాలి. దాని వెలుగుతో సమానం అయ్యేసరికి ఆకాశంలో ఇంకా పగలే ఉంటుంది.

వసారా_దీపం
ఇళ్ళలో దీపాలు అమర్చే పని నాది. కెమెరా గురించి పెద్దగా తెలియదు. లంకలో_ఇల్లు గారూ, మీ గదుల్లో ఏం దీపాలున్నాయి? మనవైపు ఎక్కువ ఇళ్ళలో తెల్ల ట్యూబులే, పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటుంది. ఆ తెలుపు సాయంకాలం నీలంలో కలిసిపోతుంది. వెలుగు సమానంగా ఉన్నా కంటికి ఇల్లు వేరుగా కనపడదు. ఆ ఒక్క పూటకి 2700 గానీ 3000 గానీ రాసున్న పసుపు బల్బులు వేసి చూడండి. వసారాలో పైనుంచి వేలాడే బల్బు ఉంటే తీసేసి, స్తంభం వెనక కింద పెట్టండి. గోడ వెలగాలి, బల్బు కనపడకూడదు.

వాట్లు తగ్గిస్తే చాలనుకోకండి. తొమ్మిది తీసి ఐదు వేసినా వెలుగు సగం కూడా తగ్గదు. బల్బు ఎక్కడుందన్నదే ముఖ్యం.

లంకలో_ఇల్లు
మళ్ళీ తీశాను. అందరికీ ధన్యవాదాలు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మీరన్నట్టే తెల్ల ట్యూబులున్నాయి. అవి ఆపేసి పసుపు బల్బులు ఐదు వేశాను, రెండు వసారా స్తంభాల వెనక, మూడు లోపల. వైట్ బ్యాలెన్స్ ఆటోలోంచి తీసి 4000 దగ్గర ఆపాను. అంతకుముందు ఫ్రేము ఫ్రేముకీ రంగు మారిపోయేది. లోపలి గోడకి రెండు సెకన్లు కుదిరాయి.

5:55కి అమ్మ వచ్చి, అసురసంధ్య వేళ వీధి దీపం లేకుండా ఉంచుతావా అని వసారా ట్యూబు వేసేసింది. ఆవిడ మాట కాదనలేకపోయాను. తులసికోట దగ్గర దీపం పెట్టించి, ట్యూబు ఆపడానికి ఒప్పించేసరికి ఐదు నిమిషాలు పోయాయి. 6:01 నుంచి నిమిషానికొకటి తీశాను. 6:01ది ఆకాశం పాలిపోయి ఉంది. 6:04కి పెంకుల పైన లేత నీలం. 6:06కి చూస్తే కొబ్బరాకుల మధ్య నీలం, గుమ్మంలో తాతయ్య పటం, తులసికోట దీపం, మూడూ ఒకే ఫ్రేములో ఉన్నాయి. 6:10 తర్వాత మళ్ళీ దీపాలదే పెత్తనం అయిపోయింది.

రెండు సమస్యలు మిగిలాయి. ఒకటి, బల్బుల చుట్టూ సన్నటి తెల్ల దారాల్లాంటి గీతలు. దగ్గరకి లాగి చూస్తే పురుగులు. రెండోది పెద్దది. పెంకులు, వసారా పై గోడ, స్తంభాల పైభాగం నల్లగా ఉండిపోయాయి. ఆకాశం బాగుంది, లోపల బాగుంది, అసలు ఇల్లే కనపడట్లేదు.

పాత_నెగెటివ్
పురుగులకి ఉపాయం, దీపాలు ఆలస్యంగా వెయ్యడం. షట్టర్ ఎంతో ఇప్పుడు తెలుసు కాబట్టి 6:03కి వేస్తే చాలు. అవి చేరేలోపు మీ పని అయిపోతుంది. వానాకాలం ఉసిళ్ళు లేచిన రోజు మాత్రం కెమెరా బయటకి తియ్యకపోవడమే మంచిది.

ఇల్లు నల్లబడటం తోట వల్ల. నడి ఆకాశం వెలుగు ఇంటిమీద పడకుండా కొబ్బరి మట్టలు ఆపేస్తున్నాయి. పైగా మీది తూర్పు ముఖం ఇల్లు అనుకుంటాను. ఇంటి వెనక పడమటి వెలుగు, ఇంటి ముందు నీడ. రెండు ఫ్రేములు తీసుకోండి. దీపాలు లేకుండా 5:56 ప్రాంతంలో ఇల్లు కనపడేలా ఒకటి, దీపాలతో 6:06కి ఒకటి. కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. తర్వాత మొదటిదాంట్లోంచి పెంకులు, స్తంభాలు మాత్రం తీసుకుని మెల్లగా కలపండి, నిండుగా కాదు, సగం బలంతో.

కాలవగట్టు
నేను మొదట చెప్పింది కలపమనే కదండీ!

పాత_నెగెటివ్
కలపడం వరకూ మీ మాట నిజమే. ఒకే నిమిషంలో ఐదు ఎక్స్‌పోజర్లు తీస్తే ఆకాశానికీ ఇంటికీ ఉన్న తేడా అన్నింట్లోనూ అదే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని నలిపి చదును చేస్తుంది. మట్టలు ఊగితే అంచుల్లో మూడేసి ఆకులు వస్తాయి. వేర్వేరు నిమిషాల్లో తీస్తే వెలుగే వేరు.

వసారా_దీపం
నాకు ఇది నచ్చలేదండి. 5:56 ఇల్లు, 6:06 ఆకాశం కలిపితే అలాంటి సాయంత్రం ఆ వాకిట్లో ఎప్పుడూ లేదు. బసకి వచ్చినవాళ్ళు అదే చూద్దామని కుర్చీ వేసుకుని కూర్చుంటే ఏం చెబుతారు? స్తంభాల వెనక పెట్టిన రెండు బల్బుల్నీ పైకి తిప్పండి. చూరు కింద వాసాలకి, గోడకి తగిలి వెలుగు కిందకి దిగుతుంది. వాకిట్లో కళ్ళాపి చల్లండి, తడి నేల ఆకాశాన్ని కాస్త తిరిగిస్తుంది. ఒక్క ఫ్రేములోనే వస్తుంది.

పాత_నెగెటివ్
వాసాలు వెలుగుతాయి, పెంకులకి మాత్రం ఏ బల్బూ చాలదమ్మా. పైకప్పు కనపడాలంటే ఆకాశం వెలుగే కావాలి. చూసినవాళ్ళ మనసులో ఉండే సాయంత్రం ఆ పది నిమిషాలూ కలిసిందే అని నేను నమ్ముతాను.

వసారా_దీపం
మనసులో ఉన్నది వేరు, అద్దె తీసుకుని చూపించేది వేరు. ఇక్కడ మీతో ఏకీభవించలేను.

లంకలో_ఇల్లు
రెండూ చేసి చూస్తాను. పైకి తిప్పిన బల్బులతో ఒక ఫ్రేము తీసి, పెంకులు ఎంత మిగిలాయో చూశాకే రెండోదాని సంగతి. ఇల్లు తూర్పు ముఖమేనండీ.

ఇంకొక్కటి అడగాలి. కాలవ అవతల మా చిన్నాన్న వాళ్ళది పడమటి ముఖం ఇల్లు, మధ్యలో నీళ్ళు. వాళ్ళింటిని ఇటుగట్టు నుంచి తీస్తే టైము ఇదేనా?

పాత_నెగెటివ్
కాదు. అప్పుడు కెమెరా తూర్పుకి చూస్తుంది, ఆ వైపు ఆకాశం ముందే దిగిపోతుంది. నాలుగైదు నిమిషాలు ముందుకి జరగండి, 6:00 నుంచే మొదలుపెట్టండి. పడమటి వెలుగు ఇంటి ముఖం మీద పడుతుంది కాబట్టి అక్కడ గోడలు నల్లబడే బాధ కూడా తక్కువ. నీళ్ళలో ఆకాశం పైదానికంటే ఒక స్టాప్ అయినా ముదురుగా వస్తుంది. దాన్ని చూసి షట్టర్ పెంచకండి.

కాలవగట్టు
అటుగట్టు నుంచి పడవ ఏదైనా వస్తే రెండు సెకన్లలో గీతలా సాగిపోదా?

లంకలో_ఇల్లు
సాగుతుంది. ఆరింటికి రేవులో ఒక పడవ దాటుతుంది. అది వెళ్ళాక తీస్తాను.